“పంపగలరు” అని రాస్తే “పంపవచ్చు” అని చదువుకున్నారు: విభాగాల మధ్య మెయిళ్ళలో అడగడం ఎలా?

చీమకుర్తి పత్రాల గది | సోమవారం, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. నేను చీమకుర్తి దగ్గర ఒక గ్రానైటు కర్మాగారంలో ఎగుమతి పత్రాలు చూసుకుంటాను. యార్డులో మేస్త్రీలతోనూ కాటా వారితోనూ తెలుగులో మాట్లాడడం, బెంగళూరులో ఉన్న మా షిప్పింగు విభాగానికి ఇంగ్లీషులో మెయిలు రాయడం నా పని. పోయిన వారం నా మెయిలు వల్ల ఒక కంటైనరు ఓడ ఎక్కకుండా ఆగిపోయింది. మెయిలులో తప్పు వివరం ఒక్కటీ లేదు. అయినా ఎందుకు ఇలా జరిగిందో మీలో ఎవరైనా చెబుతారని రాస్తున్నాను.

మూడు సెంటీమీటర్ల మందం బ్లాక్ గెలాక్సీ స్లాబులు మూడు కంటైనర్లలో చెన్నై వెళ్ళాలి. ఓడ గురువారం. నింపిన కంటైనరు బరువును ముందుగా నిర్ధారించి ఓడ వారికి తెలియజేయనిదే దానిని ఓడ ఎక్కించకూడదన్న నియమం 2016 జూలై 1 నుండి అమలులో ఉంది. అలా తెలియజేసే బరువును మేము వీజీఎం అంటాము. ఈ ఓడకు వీజీఎం ఇవ్వవలసిన గడువు బుధవారం సాయంత్రం 5 గంటలు. మొదటి రెండు కంటైనర్లను మా పక్కనున్న కాటాలోనే తూచి చీటీలు తీసుకున్నాము. మూడవది సోమవారం బాగా పొద్దుపోయాక లోడు కావడంతో, అప్పటికి కాటా మూసివేసినందున, దారిలో ఎక్కడైనా తూయించుకోమని చెప్పి ట్రైలరును పంపించాము. ఆ ట్రైలరును మాట్లాడినది బెంగళూరు వారు, అందువల్ల చీటీ ట్రాన్స్‌పోర్టు వారి ద్వారా వారికే చేరాలి.

మంగళవారం ఉదయం నేను రాసిన మెయిలు సారాంశం ఇది: రెండు చీటీలు జత చేశాను, మూడవ కంటైనరు చీటీ ఇంకా అందలేదు, అందిన వెంటనే “యూ కెన్ సెండ్ ది వీజీఎం”. నా మనసులో ఉన్నది మాత్రం “ట్రాన్స్‌పోర్టు వారిని అడిగి చీటీ తెప్పించుకుని, గడువులోపు వీజీఎం పంపండి” అన్నది. బుధవారం సాయంత్రం 6 గంటలకు వారు ఫోన్ చేసి మూడవ చీటీ ఎప్పుడు పంపుతున్నారని నన్ను అడిగారు. కంటైనరు ఈ వారం ఓడ వచ్చే వరకూ చెన్నైలోనే ఉండవలసి వచ్చింది, నిలవ అద్దె మా ఖాతాలో పడింది.

“మీరు మమ్మల్ని ఏమీ అడగలేదు కదా” అన్నారు బెంగళూరు మేడమ్. కోపంగా కాదు, ఆశ్చర్యంగా. ఫోన్ పెట్టేసి నా మెయిలును మళ్ళీ చదివితే నిజంగానే అందులో ఒక్క ప్రశ్నార్థకం లేదు, “ప్లీజ్” కూడా లేదు. కానీ అదే సంగతి తెలుగులో మా కాటా ఆయనకు చెప్పి ఉంటే పది నిమిషాలలో చీటీ నా బల్ల మీద ఉండేది. మొహం మీద ఆజ్ఞాపించినట్లు లేకుండా, అడిగినట్లు కూడా ఉండేలా ఎలా రాయాలి?

కావలి కుర్రవాడు | సోమవారం, రాత్రి 9:15

అక్కా, ఇందులో ఆలోచించవలసినది ఏమీ లేదు. ఇంగ్లీషు సూటి భాష, తెలుగు డొంకతిరుగుడు భాష. ఇంగ్లీషులో రాసేటప్పుడు తెలుగును పూర్తిగా పక్కన పెట్టాలి. నేను మెయిలు మూడు వరుసలు దాటనివ్వను. ఏమి కావాలి, ఎవరు పంపాలి, ఎప్పటికి పంపాలి, అంతే. “సెండ్ ది స్లిప్ బై టూ పీఎం.” నమస్కారాలు, క్షేమ సమాచారాలు, “ఇబ్బంది పెడుతున్నందుకు మన్నించాలి” వంటివన్నీ చదివేవారి సమయాన్ని తినేసేవే. నా మెయిలుకు జవాబు రాకపోవడం అన్నది ఇంతవరకు లేదు.

పాత గుమాస్తా | సోమవారం, రాత్రి 10:02

చిరంజీవి అడిగిన దానికి నా అనుభవం కొద్దీ చెబుతున్నాను. మర్యాదగా అడగడానికి మన వద్ద మాటలకు కొదవ లేదు. పై అధికారికైతే “పంపించవలసిందిగా ప్రార్థన”, సమాన స్థాయి వారికైతే “పంపగలరని మనవి”, కింది వారికైతే “పంపవలెను” అని మేము ముప్పై ఏళ్ళు రాశాము. ఇంగ్లీషులో “కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్” అన్న ఒక్క వాక్యం వీటన్నిటికీ సరిపోయేది. మీరు మెయిలు చివర ఆ వాక్యం చేర్చి ఉంటే సరిపోయేది.

చీమకుర్తి పత్రాల గది | సోమవారం, రాత్రి 10:20

అయ్యా, ధన్యవాదాలు. అయితే మర్యాద చాలక కాదు ఆ చీటీ రాకపోయినది. “నీడ్‌ఫుల్” అని రాసి ఉన్నా, ఆ చేయవలసినది ఏమిటో, ఎవరు చేయాలో వారికి తెలిసేది కాదు. తమ పని నా చీటీ కోసం వేచి ఉండడమే అని వారు అనుకున్నారు.

వేదాయపాళెం మేష్టారు | మంగళవారం, ఉదయం 6:30

నేను నెల్లూరులో ఇంగ్లీషు చెప్పి రిటైరైన వాడిని. ఇప్పుడు రెండు మూడు సంస్థలలో ఉద్యోగులకు ఉత్తరాలు రాయడం నేర్పుతుంటాను. మీ మెయిలులో రెండు వేరు వేరు సంగతులు జరిగాయి. రెంటినీ కలిపి “తెలుగు డొంకతిరుగుడు” అనేస్తే మందు దొరకదు.

మొదటిది “గలరు”. తెలుగులో “పంపగలరు” అని ప్రశ్న కాకుండా మామూలు వాక్యంగా రాస్తే అది విన్నపం. బస్టాండులో “ప్రయాణికులు గమనించగలరు” అన్న బోర్డు చూసి, గమనించే శక్తి తనకు ఉందని ఎవరూ సంతోషించరు, గమనించమని అడుగుతున్నారని అర్థం చేసుకుంటారు. ఇంగ్లీషులో అదే పని చేసేది ప్రశ్న. “కెన్ యూ సెండ్” అంటే విన్నపం. దానిని మామూలు వాక్యంగా మార్చి “యూ కెన్ సెండ్” అంటే అది విన్నపం కాదు, అనుమతి: మీరు పంపుకోవచ్చు, నాకేమీ అభ్యంతరం లేదు అని. మీరు తెలుగు వాక్యం ఆకారాన్ని చెక్కుచెదరకుండా మోసుకెళ్ళి ఇంగ్లీషులో దించారు, దాని పని మాత్రం దారిలో జారిపోయింది. బెంగళూరు వారికి చేరినది “చీటీ వచ్చాక మీరు వీజీఎం పంపుకోవచ్చు” అన్న వాక్యం. వారు తప్పు చదవలేదు.

రెండవది “ఇంకా అందలేదు”. ఇది వాక్యరూపంలో సమాచారం, మన వాడుకలో అడగడం. భోజనాల పంక్తిలో “ఇటు పప్పు రాలేదు” అంటే వడ్డించే ఆయన గిన్నె పట్టుకుని వస్తాడు. అక్కడ ఈ మాట ఎందుకు పని చేస్తుంది? గిన్నె ఎవరి చేతిలో ఉందో ఇద్దరికీ కనబడుతోంది కనుక. మీ కాటా ఆయనకు “చీటీ రాలేదండీ” అన్నా అంతే, చీటీ ఇవ్వవలసినది తానేనని ఆయనకు తెలుసు. మెయిలులో గిన్నె ఎవరి చేతిలో ఉందో కనబడలేదు. మీరు వారి చేతిలో ఉందనుకున్నారు, వారు మీ చేతిలో ఉందనుకున్నారు. అంటే ఇక్కడ దెబ్బతిన్నది మర్యాద కాదు, కర్త. “అందలేదు” అన్న క్రియకు తెలుగులో కర్త చెప్పనవసరం లేదు, ఎవరికి అందలేదో, ఎవరి నుండి అందలేదో కూడా చెప్పనవసరం లేదు. ఆ వెసులుబాటే మిమ్మల్ని ముంచింది.

కావలి నాయనకు ఒక మాట. ఇంగ్లీషు సూటి భాష అన్నది సగమే నిజం. సాటి ఉద్యోగికి “సెండ్ ది స్లిప్” అని నేరుగా రాయడం ఇంగ్లీషు వారికీ మొరటుగానే ఉంటుంది, వారు కూడా “కుడ్ యూ” అంటారు. తేడా ఏమిటంటే, వారి మెత్తదనం క్రియ దగ్గర ఉంటుంది, అడిగే వస్తువు మాత్రం బయటే ఉంటుంది. మన మెత్తదనం చాలాసార్లు అడిగే వస్తువునే మాటు చేస్తుంది. షోషనా బ్లుమ్-కుల్కా అనే భాషాశాస్త్రవేత్త 1987లో హీబ్రూ, ఇంగ్లీషు మాట్లాడేవారితో ఈ సంగతి పరిశీలించారు. వారి దృష్టిలో అతి మర్యాదగా నిలిచినది “కుడ్ యూ” వంటి అలవాటైన మెత్తని రూపమే, పైకి చెప్పకుండా ఇచ్చే సూచన కాదు. తెలుగు వారిని అడిగితే జవాబు వేరుగా ఉంటుందని నా అనుమానం. కానీ మెయిలు చదివేది ఎవరన్నది ముఖ్యం కదా.

కావలి కుర్రవాడు | మంగళవారం, ఉదయం 9:05

మేష్టారూ, “కుడ్ యూ” అని మొదలుపెడితే “కుదరలేదు” అనడానికి వారికి తలుపు తెరిచినట్లు కాదా?

వేదాయపాళెం మేష్టారు | మంగళవారం, ఉదయం 9:40

తెరిచినట్లే. కుదరని వాడు కుదరదని మంగళవారమే చెబితే మనకు ఇంకో రోజు మిగులుతుంది. బుధవారం సాయంత్రం 6 గంటలకు తెలిస్తే ఏమి మిగులుతుంది?

బెంగళూరులో ఒంగోలు అమ్మాయి | మంగళవారం, మధ్యాహ్నం 1:10

నాది ఒంగోలు, ఉద్యోగం బెంగళూరులో, ఇలాంటి మెయిళ్ళు అందుకునే వైపు. మా బల్ల దగ్గర ఇవి ఎలా చదువుతారో చెబుతాను. ఉదయం వచ్చేసరికి అరవై డెబ్బై మెయిళ్ళు ఉంటాయి. ప్రతి దానిని మొదటిసారి చూసేటప్పుడు వెతికేది ఒక్కటే, ఇందులో నేను చేయవలసిన పని ఉందా లేదా అని. “ప్లీజ్” గాని, “కుడ్ యూ” గాని, ప్రశ్నార్థకం గాని కంటపడితే దానికి జెండా గుర్తు పెడతాను. ఏదీ లేకపోతే “తెలుసుకొనుటకు” అన్న ఫోల్డరులోకి తోస్తాను. “నాట్ యెట్ రిసీవ్డ్” అని ఉంటే, రాసినవారు తామే దాని వెంట పడుతున్నారనీ, వచ్చాక మనకు పంపుతారనీ అనుకుంటాను. నేను తెలుగు దానినే అయినా ఇంగ్లీషులో చదివేటప్పుడు నాకు కూడా ఆ మాటలో విన్నపం వినబడదు. అదే మాట మా అమ్మ ఫోన్‌లో “నువ్వు పంపిన చీర ఇంకా రాలేదే” అంటే వెంటనే కొరియరు వాడికి ఫోన్ చేస్తాను. చిత్రమేమంటే చెవి ఒకటే.

ఇంకొకటి. మీ మెయిలు శీర్షిక ఏమిటి? “కంటైనర్ డీటెయిల్స్” అని ఉండి ఉంటే అది చదవకుండానే సగం పోయినట్లు.

చీమకుర్తి పత్రాల గది | మంగళవారం, మధ్యాహ్నం 2:00

మీరు దగ్గరుండి చూసినట్లు చెప్పారు. శీర్షిక “డాక్యుమెంట్స్ అటాచ్డ్”.

సరే, మేష్టారి మాట పట్టుకుని అదే మెయిలును తిరగరాశాను, తప్పులు చెప్పండి. ఇంగ్లీషులో రాసినదాని భావం ఇది: “నమస్కారం మేడమ్. మొదటి రెండు కంటైనర్ల తూకం చీటీలు జత చేశాను. మూడవ కంటైనరు రాత్రి ఆలస్యంగా లోడైనందున దారిలో తూచారు, చీటీ ట్రాన్స్‌పోర్టు వారి వద్ద ఉంది. వీలైతే మీరు వారి నుండి ఆ చీటీ తెప్పించుకుని, వీలు చూసుకుని వీజీఎం పంపగలరా? గడువు బుధవారం సాయంత్రం 5 గంటలు.” ఇంగ్లీషులో “ఇఫ్ పాసిబుల్, కుడ్ యూ ప్లీజ్” అనీ, “ఎట్ యువర్ కన్వీనియన్స్” అనీ పెట్టాను.

వేదాయపాళెం మేష్టారు | మంగళవారం, సాయంత్రం 4:15

అమ్మా, చీటీ ఎవరి దగ్గర ఉందో చెప్పారు, ఎవరు తెప్పించాలో చెప్పారు, ఓడకు అది చాలు. కానీ “వీలైతే”, “వీలు చూసుకుని” అన్న రెండు మాటలు తీసివేయండి. మన “వీలైతే” షరతు కాదు, “కొంచెం నీళ్ళివ్వండి” అనడంలో ఉన్న “కొంచెం” వంటిది. ఆ “కొంచెం” విని ఎవరూ పావు గ్లాసు ఇవ్వరు. ఇంగ్లీషు “ఇఫ్ పాసిబుల్” మాత్రం చదివేవాడికి చాలాసార్లు నిజమైన షరతే. వీలు కాకపోతే మానేయవచ్చునని అతడు అనుకుంటే తప్పు లేదు. ఇక “ఎట్ యువర్ కన్వీనియన్స్” అన్న చోట గడువు చచ్చిపోతుంది. కింద 5 గంటలని రాసి పైన మీ వీలు అంటే, చదివేవాడు రెండింటిలో తనకు అనుకూలమైనది తీసుకుంటాడు.

గడువు విషయంలో ఇంకొక సంగతి. 5 గంటలు ఓడ వారి గడువు. చీటీ 4:55కి వస్తే మీ మేడమ్ కంప్యూటరులో ఎక్కించేదెప్పుడు? ఆ చీటీలో బండి, కంటైనరు, రాయి అన్నీ కలిసిన బరువు ఉంటుంది. అందులో నుండి ఖాళీ బండి బరువు తీసివేయాలి, ఖాళీ బండిని తూచిన చీటీ లేకపోతే దాని కోసం ఇంకో ఫోన్. మీ గడువు మధ్యాహ్నం 2 గంటలని పెట్టి, ఎందుకో ఒక వాక్యంలో చెప్పండి. తెలుగు వారికి సూటిగా అడగడం మొరటుగా అనిపించేది చాలావరకు కారణం చెప్పకుండా అడిగినప్పుడే. కారణం ముందు, అడగడం తరువాత రానివ్వండి, మీ మనసుకూ హాయి, వారికీ స్పష్టం.

నేనైతే శీర్షికలో “గురువారం ఓడ, మూడవ కంటైనరు: తూకం చీటీ బుధవారం 2 గంటలలోపు కావాలి” అని రాస్తాను. లోపల: “మూడవ కంటైనరును దారిలో తూచారు. చీటీ ట్రాన్స్‌పోర్టు వారి వద్ద ఉంది, మా వద్ద లేదు. వీజీఎం గడువు బుధవారం 5 గంటలు కనుక, మీరు వారి నుండి నిండు బండి చీటీ, ఖాళీ బండి చీటీ రెండూ బుధవారం 2 గంటలలోపు తెప్పించుకోగలరా? వారు ఫోన్ ఎత్తకపోతే 12 గంటలకల్లా నాకు చెప్పండి, డ్రైవరు నంబరు నా దగ్గర ఉంది, నేను ప్రయత్నిస్తాను.” ఈ చివరి వాక్యం మన వైపు నుండి వచ్చిన మర్యాద. పని వారిదే, కానీ భారం మనం కూడా కొంత ఎత్తుకున్నాము. ఇది ఇంగ్లీషులో కూడా చక్కగా నడుస్తుంది. “మా వద్ద లేదు” అన్న మూడు మాటలు మాత్రం వదలకండి.

రొయ్యల ల్యాబు | మంగళవారం, రాత్రి 7:50

నాది ఇంచుమించు ఇదే కథ, కానీ తలకిందులు. నెల్లూరు వైపు ఒక రొయ్యల ఎగుమతి సంస్థలో, యాంటీబయాటిక్ అవశేషాల పరీక్షలు చేసే ల్యాబుకూ అమ్మకాల విభాగానికీ మధ్య నేను ఉంటాను. అమ్మకాల వారు “కెన్ యూ గివ్ ది రిజల్ట్ బై థర్స్‌డే” అని రాశారు. నేను దానిని తెలుగు చేసి “గురువారానికి ఫలితం ఇవ్వగలరా?” అని ల్యాబు పెద్దాయనను అడిగాను. ఆయన “ఇవ్వగలమండీ, ఎందుకు ఇవ్వలేము” అన్నారు. నేను అమ్మకాల వారికి “యెస్” అని రాసేశాను. గురువారం ఫలితం లేదు. అడిగితే, “ఇవ్వగలమన్నాను, నమూనా మంగళవారానికి వస్తే. నమూనా మీరు బుధవారం సాయంత్రం కదా పంపింది” అన్నారు. పైగా “మా ల్యాబుకు అంత సామర్థ్యం లేదనుకున్నావా?” అని కొంచెం నొచ్చుకున్నారు కూడా. ఇందులో నా తప్పేమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

వేదాయపాళెం మేష్టారు | మంగళవారం, రాత్రి 8:30

చీమకుర్తి అమ్మాయి జారిన మెట్టు మీదనే మీరు అటు నుండి ఇటు దిగుతూ జారారు. ఆమె “పంపగలరు”ను “యూ కెన్” చేశారు, మీరు “కెన్ యూ”ను “ఇవ్వగలరా” చేశారు. “గలరా” అని ఎదురుగా ప్రశ్నిస్తే తెలుగులో, అందులోనూ వయసులో పెద్దవారికి, అది ముందుగా శక్తిని గురించిన ప్రశ్నగా వినబడుతుంది. అందుకే ఆయన శక్తి గురించే జవాబు చెప్పారు, అందుకే నొచ్చుకున్నారు. “కెన్ యూ”కు తెలుగు “ఇస్తారా”, లేదా “ఇచ్చేటట్లు చూస్తారా”. “గురువారం సాయంత్రానికి ఫలితం ఇస్తారా? అందుకు నమూనా మీకు ఎప్పటికి చేరాలి?” అని అడిగి ఉంటే, ఆ రెండవ ప్రశ్నకు ఆయన మంగళవారం అని చెప్పేవారు, మీ సంగతి అప్పుడే తేలిపోయేది.

ఇంతకుముందు నేను దిద్దిన మెయిలులో “తెప్పించుకోగలరా” అని నేనే రాశాను కదా అని ఎవరైనా పట్టుకోవచ్చు. అది ఇంగ్లీషు “కుడ్ యూ”కు భావం చెప్పడానికి రాసినది. రాతలో అది ఇప్పుడు కొంత అలవాటవుతోంది కూడా. నోటి మాటలో పెద్దవారితో మాత్రం నేను వాడను.

రొయ్యల ల్యాబు | మంగళవారం, రాత్రి 8:45

అర్థమైంది. మరి “చూస్తాను” అంటే ఇంగ్లీషులో ఏమని రాయాలి? మా ల్యాబులో సగం జవాబులు అవే.

బెంగళూరులో ఒంగోలు అమ్మాయి | మంగళవారం, రాత్రి 9:10

“ఐ విల్ సీ” అని మాత్రం రాయకండి, మా వైపు దానిని “చేయను, విసిగించకు” అని చదువుతారు. “యెస్” అని రాస్తే అబద్ధం. నేనైతే ఆయనను ఇంకొక్క ప్రశ్న అడిగి, “ఇంకా ఖాయం కాలేదు, రేపు ఉదయం 11 గంటలకు చెబుతాను” అని రాస్తాను. మాకు కావలసినది అవునో కాదో కాదు, ఎప్పటికి తెలుస్తుందో.

కావలి కుర్రవాడు | బుధవారం, ఉదయం 10:30

మొన్న నేను గొప్పగా రాసిన దానికి ఈ రోజు జరిగినది చెప్పుకోవాలి. “జవాబు రాకపోవడం అన్నది లేదు” అన్నాను కదా. మా యార్డు మేస్త్రీ గారికి పై నుండి వచ్చిన “ప్లీజ్ కన్ఫర్మ్ ది స్లాబ్ కౌంట్ బై ఫోర్ పీఎం” అన్న మెయిలును నేను వాట్సాప్‌లో “4 గంటలకల్లా స్లాబుల లెక్క కన్ఫర్మ్ చేయండి” అని పంపించాను. జవాబు వచ్చింది, 6 గంటలకు, “చేశాము” అని ఒక్క మాట. లెక్క లేదు. ఉదయం టీ దగ్గర అడిగితే, “నువ్వు నాకు టైము పెట్టావు కదయ్యా, లెక్క కూడా నువ్వే వేసుకుంటావనుకున్నా” అన్నారు. ఆయన మా నాన్న కంటే పెద్దవారు. “అండి” చేర్చాను కదా, ఇంకేమి లోపం?

వేదాయపాళెం మేష్టారు | బుధవారం, ఉదయం 11:00

“చేయండి”లో “అండి” ఉంది కానీ, అది గౌరవంతో ఇచ్చిన ఆజ్ఞే. పైగా గంట ఎవరిదో చెప్పలేదు కనుక, ఆ గంట మీదేనని ఆయన అనుకున్నారు. కుర్రవాడు తనకు గడువు పెట్టడం ఆయనకు కష్టం, ఓడ గడువు పెడితే కష్టం లేదు. “పెద్దాయనా, సాయంత్రం 4 గంటలకు పైవాళ్ళు ఓడ వారికి లెక్క ఇవ్వాలట. ఒక్కో కట్టలో స్లాబులెన్నో నాకు కాస్త చెప్పి పెట్టండి, మూడున్నరకు నేనే యార్డుకు వచ్చి రాసుకుంటాను” అనండి. గడువు తగ్గలేదు, ఇంకా అరగంట ముందుకు జరిగింది. “చెప్పి పెట్టండి” అన్నప్పుడు ఆయన చేసేది మీకోసం చేసే సాయం అవుతుంది. “కన్ఫర్మ్” అన్న మాటను కూడా విప్పారు, కట్టకు ఎన్ని అని. ఆయనకు “కన్ఫర్మ్” అంటే అవునని తల ఊపడమే, అదే చేశారు.

ఇంగ్లీషు మెయిలును తెలుగులోకి తెచ్చేటప్పుడు మెత్తదనం చేర్చాలి, తెలుగు మాటను ఇంగ్లీషులోకి తీసుకువెళ్ళేటప్పుడు కర్తనూ గడువునూ చేర్చాలి. మధ్యలో కూర్చున్నవారు రెండు వైపులా వేర్వేరు పనులు చేయవలసి వస్తుంది.

కందుకూరు | బుధవారం, మధ్యాహ్నం 12:20

మీరంతా భాష గురించి మాట్లాడుతున్నారు, నాకు ఇది హోదా గురించి అనిపిస్తోంది. నేను చేరి రెండేళ్ళయింది. ఇంగ్లీషులోనైనా సరే, మా మేనేజరుకు “బై టూ పీఎం” అని రాయడానికి నా చేయి రాదు. మేష్టారు చెప్పినట్లు కారణం ముందు పెట్టినా, ఆయన “నాకు గడువు చెబుతున్నావా?” అంటారు. గుర్తుచేస్తూ రెండవ మెయిలు రాయవలసి వస్తే, ఆయన పై అధికారికి కూడా ఒక ప్రతి పెట్టమని శిక్షణలో చెప్పారు. బయటి విభాగాల వారు అది మామూలేనంటారు. ఇక్కడ మాత్రం అది చాడీ చెప్పడమే. ఒకసారి పెట్టాను. పని గంటలో అయింది, ఆయన నాతో నెల రోజులు సరిగా మాట్లాడలేదు.

బెంగళూరులో ఒంగోలు అమ్మాయి | బుధవారం, మధ్యాహ్నం 1:00

మా వైపు ప్రతి పెట్టడం నిజంగా మామూలే, ఎవరూ పట్టించుకోరు. అయితే మొదటి మెయిలు నుండీ ఆ పేరు అక్కడ ఉంటేనే. రెండవ మెయిలులో కొత్తగా పేరు చేరితే మేమూ కనుబొమలు ఎగరేస్తాము. అందువల్ల పెట్టేదేదో మొదటి రోజే పెట్టండి.

వేదాయపాళెం మేష్టారు | బుధవారం, మధ్యాహ్నం 1:30

నేను దీనితో ఏకీభవించను. మొదటి రోజే పెట్టినా, మన జిల్లాలలో అది “నీ మీద నాకు నమ్మకం లేదు” అని ముందుగా చెప్పడమే అవుతుంది. రెండవ మెయిలు బదులు ఫోన్ చేసి, మాట అయ్యాక “ఇప్పుడు మనం మాట్లాడుకున్న ప్రకారం” అని ఒక మెయిలు రాయడం మేలు. మేనేజరుకు గడువు చెప్పే విషయంలో “2 గంటలలోపు మీ సంతకం దొరికితే నేను 3 గంటలకు పంపేస్తాను” అని గడువును మీ పని మీదకు తిప్పుకోవచ్చు. అది అందరి దగ్గరా పని చేస్తుందని మాత్రం చెప్పను.

కందుకూరు | బుధవారం, మధ్యాహ్నం 1:42

ఆయన దగ్గర చేయదు మేష్టారూ. ప్రయత్నించాను.

పాత గుమాస్తా | బుధవారం, సాయంత్రం 5:10

చదువుతుంటే నాకు ఒక పాత సంగతి గుర్తుకు వచ్చింది. మా రోజులలో “ప్లీజ్ అడ్వైజ్” అని పై నుండి తంతి వస్తే, మా సూపరింటెండెంటు గారు నిజంగానే సలహాలు రాసి పంపించేవారు, రెండు పేజీలు. వారికి కావలసినది ఏమి జరిగిందో తెలియజేయడమని మాకు చాలా కాలానికి గాని తెలియలేదు. నేను మొన్న చెప్పిన “నీడ్‌ఫుల్” కూడా అటువంటిదే కావచ్చునని ఇప్పుడు అనిపిస్తోంది. అయినా “మనవి”ని వదలవద్దు.

చీమకుర్తి పత్రాల గది | శుక్రవారం, సాయంత్రం 6:25

ఈ వారం ఓడకు మళ్ళీ రెండు కంటైనర్లు ఉన్నాయి, ఒకటి మళ్ళీ పొద్దుపోయాకనే లోడైంది. మేష్టారు రాసినట్లే శీర్షికలో గడువు పెట్టి, చీటీ ఎవరి దగ్గర ఉందో రాసి, “మా వద్ద లేదు” అని కూడా రాసి పంపించాను. బెంగళూరు మేడమ్ అరగంటలో “ఆన్ ఇట్” అని జవాబు ఇచ్చారు. మధ్యాహ్నం 1:40కి రెండు చీటీలూ వచ్చాయి, అందులో ఖాళీ బండి చీటీ చదవలేనంత మసకగా ఉంటే వారే మళ్ళీ తెప్పించుకున్నారు.

పంపించే ముందు మెయిలు మరొకసారి చదివితే, మూడవ వరుసలో “ఇఫ్ పాసిబుల్” నాకు తెలియకుండానే వచ్చి కూర్చుని ఉంది. తీసేశాను. తీసేసిన తరువాత కూడా కాసేపు, ఏదో పెద్దమనిషి ఇంటికి వట్టి చేతులతో వెళ్ళినట్లు అనిపించింది.